గోల్డ్‌ఫిష్ ఒంటిమీద తెల్లచుక్కలు

గోల్డ్‌ఫిష్ ఫొటోలో తెల్లచుక్కలు కనిపించగానే మందు సీసా కోసం చూస్తాం. చుక్క తెల్లగా ఉందా అన్నదానికన్నా ఎక్కడుందన్నదే ముఖ్యం. ఈడొచ్చిన మగచేపకు జతకట్టే కాలంలో మొప్ప మూతల మీద, ముందు రెక్కల అంచున సన్నటి చుక్కలు వరుసగా లేస్తాయి. అది జబ్బు కాదు. తెల్లమచ్చల జబ్బు, అదే ‘ఇక్’, వస్తే ఒంటిమీద, తోక మీద వరుసా పాడూ లేకుండా ఉప్పురవ్వ చల్లినట్టుంటుంది. రెక్కలు ముడుచుకుంటాయి. ఫ్లాష్ వేస్తే పొలుసుల మెరుపే మచ్చలా కనిపిస్తుంది కాబట్టి, అద్దం తుడిచి, పగటి వెలుగులో పక్కనుంచి తీయాలి.

జబ్బు కూడా మొప్పల దగ్గరే మొదలవచ్చు కదా అంటారా? నిజమే. అందుకే ఒక్క ఫొటోతో తేల్చకూడదు. మర్నాడు అదే వైపునుంచి మరొకటి తీసి పోల్చండి. మగచేప చుక్కలు ఉన్నచోటే ఉంటాయి, ఇక్ చుక్కలు పెరిగి చోటు మారుతుంటాయి. మూడోనాటికి మాయమైతే నయమైనట్టూ కాదు. ఇక్ తెచ్చే పరాన్నజీవి చేపను వదిలి అడుగున చేరి, వందల పిల్లలుగా విడిపోతుంది. మందు పనిచేసేది అవి నీళ్లలో ఈదుతున్నప్పుడే. కాబట్టి చుక్కలు పోయాయని మందు మధ్యలో ఆపకండి.