రెండు వందల గ్రాముల హైడ్రోజన్: నివారణ ఖర్చు, వైఫల్యం ఖర్చు
(స్మృతి నగర్, భిలాయిలో స్మారకోపన్యాసం)

నాణ్యత గురించి మాట్లాడమంటే సాధారణంగా ఎవరైనా నీతి మాట్లాడతారు. నేను లెక్క మాట్లాడదలచుకున్నాను. ఈ ఊళ్లో దానికి వేరే ఉదాహరణ వెతకనక్కర్లేదు. భిలాయి కర్మాగారం 1960 నుంచి రైలు పట్టాలు తయారు చేస్తోంది. ఈనాడు అక్కడ ఒకే ముక్కగా 130 మీటర్ల పట్టా దిగుతోంది. అలాంటివి రెండు అతికితే 260 మీటర్ల ప్యానెల్ అవుతుంది. మీటరుకు 60 కిలోలు తూగే పట్టా ఒక కిలోమీటరు ట్రాకు రెండు వైపులకూ కలిపి 120 టన్నులు పడుతుంది. రైల్వే నిబంధన ప్రకారం ద్రవ ఉక్కులో హైడ్రోజన్ టన్నుకు 1.6 గ్రాములు మించకూడదు. అంటే ఆ 120 టన్నుల ఉక్కు మొత్తంలో రెండు వందల గ్రాములు కూడా ఉండకూడదన్నమాట. ఆ కాస్త వాయువును ఎక్కడ, ఎవరి ఖర్చుతో ఆపాలన్నదే ఈ ఉపన్యాసమంతా.

హైడ్రోజన్ చేసే హాని విచిత్రమైనది. కరిగిన ఉక్కులో అది సుఖంగా ఇమిడి ఉంటుంది. ఉక్కు గట్టిపడి చల్లారే కొద్దీ దానికి చోటు చాలదు. బయటికి పోలేని పరమాణువులు లోపలి మలినాల పక్కన చేరి, జంటలుగా కలిసి, ఒత్తిడి పెంచుతాయి. ఉష్ణోగ్రత సుమారు 200 డిగ్రీల దిగువకు వచ్చాక వెంట్రుకవాసి పగుళ్లు పుడతాయి. అవి వెంటనే పుట్టవు. కొన్నిసార్లు గంటలు, కొన్నిసార్లు రోజులు పడుతుంది. పట్టా తలలో అలా పుట్టిన పగులు రైలు చక్రం పోయిన ప్రతిసారీ కాస్త కాస్త పెరిగి, ఒకనాడు పట్టాను అడ్డంగా విరుస్తుంది. 1911లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని మాంచెస్టర్ దగ్గర రైలు పట్టాలు తప్పింది. జేమ్స్ హోవర్డ్ విరిగిన పట్టాను పరిశీలించి, బయటికి కనబడని ఇలాంటి అడ్డపగుళ్లను గుర్తించాడు. పట్టాలను మెల్లగా చల్లార్చి హైడ్రోజన్‌ను పోనిచ్చే పద్ధతి తరవాతి దశాబ్దాల్లో స్థిరపడింది.

నాణ్యత ఖర్చును నాలుగు పద్దులుగా చూపే అలవాటు ఆర్మండ్ ఫైగెన్‌బామ్ 1956లో రాసిన వ్యాసంతో బలపడింది: నివారణ, తనిఖీ, కర్మాగారం లోపల బయటపడ్డ వైఫల్యం, కొన్నవాడి దగ్గర బయటపడ్డ వైఫల్యం. ఈ పద్దులతో ఒక ఊహాత్మక మిల్లు లెక్క కట్టుకుందాం. అంకెలన్నీ నేను వేసుకున్నవి. ఏ కర్మాగారానివీ కావు. నెలకు పదివేల టన్నుల పట్టాలు. తిరస్కరించినదాన్ని మళ్లీ కరిగిస్తే టన్నుకు 30 వేల రూపాయల నష్టం. వాక్యూమ్ యంత్రం లేనప్పుడు తిరస్కారం నూటికి మూడు, అంటే 300 టన్నులు, 90 లక్షలు. బ్లూములను గుంటల్లో మెల్లగా చల్లార్చడానికీ, అందులో ఇరుక్కున్న సరుకు మీద వడ్డీకీ మరో 20 లక్షలు. ఇప్పుడు వాక్యూమ్ డీగ్యాసింగ్ పెట్టామనుకుందాం. లాడిల్‌లోని ఉక్కులో రెండు గొట్టాలు ముంచి, ఒకదానిలో ఆర్గాన్ వాయువు ఊది ఉక్కును పైనున్న శూన్యపు గదికి ఎక్కించి, రెండో దాంట్లోంచి దింపే యంత్రం అది. దాని ఇటుకలు, ఆర్గాన్, ఆవిరి, చల్లబడ్డ ఉక్కును వేడి చేసే కరెంటు, పెట్టుబడిలో నెల వాటా కలిపి కోటి రూపాయలు. తిరస్కారం నూటికి ఒకటికి దిగుతుంది. మిగిలిన ఆ ఒక్క శాతం కొలతల తేడాలు, పైపొరల చీలికలు వంటి హైడ్రోజన్‌తో సంబంధం లేని దోషాలది. ఆదా తిరస్కారంలో 60 లక్షలు, చల్లార్పులో 20 లక్షలు. మొత్తం 80. ఖర్చు వంద. నెలకు 20 లక్షలు నష్టం!

ఇక్కడ ఆగి ఆలోచించాలి. నివారణ ఎప్పుడూ లాభమేనని నినాదాలు రాసి గోడకు తగిలించేవాళ్లు ఈ లెక్కను దాటవేస్తారు. లెక్క తప్పు కాదు, అసంపూర్ణం. నాలుగో పద్దు అందులో లేదు. ఆ పదివేల టన్నులూ 83 కిలోమీటర్ల ట్రాకు అవుతాయి. దానిలో ఇరవై చోట్ల పగులు దొరికి, ఒక్కోచోట పట్టా ముక్క కోసి, కొత్తది వేసి, రెండు కొనలూ థర్మిట్‌తో అతికి, ఆ గంటసేపు బండ్లు ఆపితే చోటుకు రెండు లక్షలనుకోండి. నలభై లక్షలు. అప్పుడు ఆదా 120, ఖర్చు వంద. లెక్క తిరగబడింది. కాని ఆ నలభై లక్షలూ మిల్లు పుస్తకంలో పడవు, రైల్వే పుస్తకంలో పడతాయి. కర్మాగారం తన పుస్తకం చూసుకుని ‘వద్దు’ అనడంలో మోసం లేదు, మూర్ఖత్వమూ లేదు. అందుకే కొనేవాడు 1.6 అనే అంకెను నిబంధనగా పెట్టాడు. తన ఖర్చును అమ్మేవాడి పుస్తకంలో కనబడేలా చేసే ఉపాయం అది. ఇక ప్రాణాల సంగతి. 1998 నవంబరు 26న పంజాబులోని ఖన్నా దగ్గర, విరిగిన పట్టా మీద ఫ్రాంటియర్ మెయిల్ పెట్టెలు పడిపోగా, ఎదురుగా వచ్చిన సియాల్దా ఎక్స్‌ప్రెస్ వాటిని గుద్దింది. రెండు వందల మందికి పైగా పోయారు. అది ఏ పద్దు కిందా రాయదగ్గది కాదు కాబట్టి పై లెక్కలో నేను కలపలేదు. కలపకుండానే లెక్క నిలుస్తోంది.

‘అల్ట్రాసోనిక్ తనిఖీ ఉండగా ఇంత ఖర్చెందుకు? పగులున్నదాన్ని ఏరేస్తే సరి’ అనేవాళ్లున్నారు. మామూలు సరుకు విషయంలో ఈ వాదానికి బలం ఉంది. పట్టా విషయంలో లేదు. తనిఖీ యంత్రం ఉన్న పగులునే చూడగలదు. హైడ్రోజన్ పగులు పుట్టడానికే వ్యవధి కావాలి. ఇవాళ యంత్రం కింద శుభ్రంగా పోయిన పట్టాలో ఎల్లుండి అది పుట్టవచ్చు. తనిఖీని రెట్టింపు చేసినా ఈ లోపం తీరదు, కాలాన్ని కొనలేం కాబట్టి. దోషం తనిఖీ తరవాత పుట్టేచోట తనిఖీ ఖర్చు నివారణ ఖర్చుకు బదులు కాలేదు.

ఇంకో అభ్యంతరం దీనికన్నా గట్టిది. జోసెఫ్ జురాన్ చూపిన పాత వక్రరేఖ ప్రకారం నివారణ పెరిగే కొద్దీ దాని ఖర్చు నిట్టనిలువుగా లేస్తుంది. ఒక చోట ఆగిపోవడమే తెలివి. నిజమే, హైడ్రోజన్‌కూ ఆ స్వభావం ఉంది. ఉక్కులో నిలిచే హైడ్రోజన్ పైనున్న ఒత్తిడి వర్గమూలాన్ని అనుసరిస్తుంది. ఒత్తిడిని నూరోవంతు చేస్తే అది పదోవంతు దాకానే దిగుతుంది. మరింత దిగాలంటే మరింత శూన్యం, మరింత సేపు, మరింత చల్లబడిన ఉక్కు. కాని ఆ వక్రరేఖ నివారణను ఒకే రకమైనదిగా చూస్తుంది. హైడ్రోజన్ ఎక్కడినుంచి వచ్చింది? తేమ నుంచి. సున్నపురాయి కాల్చిన సున్నం గాలిలో తేమ పీల్చుకుంటుంది. ఫెర్రో మిశ్రలోహాలు, లాడిల్ ఇటుకలు కూడా అంతే. సున్నాన్ని కాల్చగానే వాడటం, మిశ్రలోహాలను ఎండబెట్టడం, లాడిల్‌ను ఎర్రగా కాల్చి ఉంచడం టన్నుకు కొద్ది రూపాయల పని. ఆ పని సరిగా జరిగితే వాక్యూమ్ కింద ఉంచాల్సిన నిమిషాలు తగ్గుతాయి. వక్రరేఖ నిట్టనిలువుగా లేచే చోటు కుడివైపుకు జరుగుతుంది.

దీనితో పద్దుల మీదే ఒక సందేహం వస్తుంది. లోపలికి వచ్చేసిన హైడ్రోజన్‌ను తీసే డీగ్యాసింగ్ నివారణా, లేక పైన జరిగిన పొరపాటును సరిదిద్దడమా? పుస్తకాల్లో దాన్ని నివారణలో రాస్తారు. నా మటుకు నేను దాన్ని రెండు ముక్కలు చేస్తాను. మార్చి నెలలో ఎండిన సున్నంతో చేసిన హీట్‌కు ఎన్ని నిమిషాలు పట్టిందో అది నివారణ. జూలైలో, ఛత్తీస్‌గఢ్ వాన మొదలయ్యాక, అదే హీట్‌కు అదనంగా పట్టిన నిమిషాలు లోపలి వైఫల్యం. అలా విడదీసి రాస్తే ఆ నెల ఖర్చు వాక్యూమ్ విభాగం పేర కాకుండా, తడిసిన సున్నం దింపించుకున్న విభాగం పేర పడుతుంది.