రిజిస్టర్ కాని పేరు కూడా మనదే: నకిలీ సరుకు మీద చట్టం ఏం చేయగలదు

  

మన ఊళ్లలో కొత్తగా వ్యాపారం మొదలుపెట్టిన పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. “అన్నా, మా సరుకు పేరు పెట్టుకుని ఎవడో టౌనులో అమ్ముతున్నాడు. మేం ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ చేయించలేదు. ఇంక చేసేదేం లేదు కదా?” అని. ఆ చివరి మాటలో ఉన్న నమ్మకం సగమే నిజం. ఈ పూట ఆ మిగతా సగం గురించే చెప్తాను.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఇది కల్పించి చెప్తున్నది, ఎవరినీ ఉద్దేశించినది కాదు. ఒక గూడెంలో పన్నెండుమంది అక్కలు కలిసి ఆరేళ్లుగా ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నారు. పసుపు రంగు కాగితం, దాని మీద ఇప్పచెట్టు బొమ్మ, కింద ‘ఇప్పతల్లి’ అని పేరు. వారపు సంతల్లో, ఏటా పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరలో అమ్ముతారు. ఈసారి జాతరలో ఒక టౌను వ్యాపారి అదే పసుపు కాగితంలో, అలాంటి చెట్టు బొమ్మతో, ‘ఇప్పతల్లి స్పెషల్’ అని పేరు పెట్టి లడ్డూలు దించాడు. ధర తక్కువ. లోపల ఇప్పపువ్వు నామమాత్రం, మిగతాదంతా చక్కెర. తిన్నవాళ్లు వచ్చి అక్కలతో “ఈ ఏడు మీ లడ్డూ బాగాలేదు” అంటున్నారు.

1999 ట్రేడ్‌మార్కుల చట్టంలో 27వ సెక్షన్ ఉంది. దాని మొదటి భాగం చదివితే గుండె జారుతుంది. రిజిస్టర్ కాని గుర్తును ఎవరైనా వాడుకుంటే ‘ఉల్లంఘన’, అంటే ఇన్‌ఫ్రింజ్‌మెంట్ దావా వేయడానికి వీల్లేదంటుంది. చాలామంది అక్కడితో పుస్తకం మూసేస్తారు. వెంటనే ఉన్న రెండో భాగం ఏమంటుందంటే, తన సరుకును వేరొకరి సరుకుగా చెలామణీ చేసేవాడి మీద వేసే దావాకు ఈ చట్టం అడ్డురాదు. ఆ దావాకే ‘పాసింగ్ ఆఫ్’ అని పేరు. అది ఏ రిజిస్టరు నుంచీ పుట్టలేదు. ఒకడి మంచిపేరును ఇంకొకడు అమ్ముకోకూడదన్న పాత న్యాయసూత్రం నుంచి వచ్చింది.

దీని బలం తెలియాలంటే తిరునల్వేలి హల్వా కేసు చూడాలి. అక్కడ ఒక కుటుంబం 1900 ప్రాంతం నుంచి హల్వా అమ్ముతోందని కేసులో చెప్పారు. కొట్టులో వెలుతురు తక్కువ. అందుకని జనమే దాన్ని ‘ఇరుట్టు కడై’, అంటే చీకటి కొట్టు అని పిలవడం మొదలుపెట్టారు. తర్వాత వేరొకరు ఆ పేరు ముందు ఊరి పేరు చేర్చి హల్వా అమ్మారు. ఆయన దగ్గర కూడా రిజిస్ట్రేషన్ కాగితం ఉంది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ముందునుంచి వాడుతున్నవారి హక్కు రిజిస్ట్రేషన్ ఇచ్చే హక్కు కన్నా పైచేయి అని, రిజిస్టర్ చేయించుకున్నవాడి మీద కూడా పాసింగ్ ఆఫ్ దావా నిలుస్తుందని కోర్టు తేల్చింది. నాకు ఈ కేసులో నచ్చేది ఆ పేరు పుట్టిన తీరు. బోర్డు రాయించి పెట్టిన పేరు కాదు, కొనేవాళ్లు పెట్టిన పేరు. చట్టం కాపాడేది కూడా కొనేవాళ్ల మనసులో ఉన్న ఆ గుర్తింపునే.

అయితే ఇది ఊరికే రాదు. రిజిస్ట్రేషన్ ఉన్నవాడు సర్టిఫికెట్ చూపిస్తే చాలావరకు పని అవుతుంది. మనం మూడు సంగతులు రుజువు చేయాలి. ఆ పేరుతో మన సరుకుకు జనంలో మంచిపేరు ఉందని ఒకటి. అవతలివాడి వాలకం చూసి కొనేవాళ్లు అది మనదేనని మోసపోతారని రెండు. దానివల్ల మనకు నష్టం జరిగింది లేదా జరగబోతుందని మూడు.

మన అక్కల కేసులో రెండోదీ మూడోదీ కష్టం కాదు. రెండు పొట్లాలూ పక్కపక్కన పెట్టి కొలత వేసి చూడనక్కర్లేదు. ఎప్పుడో ఒకసారి కొన్న మామూలు మనిషి, పూర్తిగా గుర్తులేని జ్ఞాపకంతో వచ్చి పొరబడతాడా అన్నదే కోర్టు చూస్తుంది. జాతరలో బండి దిగి వచ్చేవాళ్లలో అక్షరం చదవనివాళ్లూ ఉంటారు. వాళ్లు పసుపు కాగితాన్ని, చెట్టు బొమ్మను చూసి కొంటారు. కాబట్టి పేరు చివర ‘స్పెషల్’ తగిలించినంత మాత్రాన వ్యాపారి తప్పించుకోలేడు. వాడు కావాలనే మోసం చేశాడని రుజువు చేయాల్సిన పని కూడా లేదు.

మనవాళ్లు ఓడిపోయేది మొదటి సంగతిలో. ఆరేళ్లు అమ్మారు, నిజమే. కాగితం ఏదీ? లేబుల్ అచ్చువేసిన ప్రెస్సు బిల్లు, జాతరలో స్టాలుకు కట్టిన రసీదు, ఆహార భద్రత రిజిస్ట్రేషన్, సంఘం లెక్కల పుస్తకం, వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్లు, ఏ ఏటికాయేడు స్టాలు ముందు దిగిన ఫొటోలు, ఇవే సాక్ష్యం. పత్రికలో రెండు ముక్కలు వస్తే దాన్ని తేదీతో సహా దాచాలి. మన దగ్గర లోపించేది పని కాదు, పని చేసినట్టు రాత.

ఇంకో హద్దు కూడా తెలుసుకోవాలి. ‘ఇప్పపువ్వు లడ్డూ’ అన్న మాట ఎవరి సొత్తూ కాదు. అది సరుకు పేరు. వ్యాపారి తన సొంత పేరుతో, తన సొంత కాగితంలో ఇప్ప లడ్డూ అమ్మితే పాసింగ్ ఆఫ్ కాదు. మనకు కోపం రావచ్చు, కానీ కేసు లేదు.

సరే, కేసు ఉంది అనుకుందాం. జాతర ఇంకా మూడు రోజులుంది. ముందు చేయాల్సింది కొట్లాట కాదు, కొనుగోలు. నకిలీ పొట్లం ఒకటి బిల్లుతో కొనండి. బిల్లు ఇవ్వకపోతే ఫోన్‌తో డబ్బు పంపండి, తేదీ, పేరు అందులో పడతాయి. స్టాలు ఫొటో తీయండి. మోసపోయి వచ్చిన కొనుగోలుదారు ఎవరైనా సాక్ష్యం చెప్తారేమో అడిగి నంబరు రాసుకోండి. తర్వాత లాయరు నోటీసు. చాలా గొడవలు ఇక్కడే తెగిపోతాయి.

తెగకపోతే దావా. జిల్లా కోర్టు కన్నా కిందిస్థాయి కోర్టులో ఇది వేయకూడదు. రిజిస్టర్ అయిన గుర్తు ఉల్లంఘన దావా అయితే మన సొంత ప్రాంతపు కోర్టులో వేసుకునే ప్రత్యేక వెసులుబాటు 134వ సెక్షన్ ఇస్తుంది. పాసింగ్ ఆఫ్‌కు ఆ వెసులుబాటు లేదు. వ్యాపారి ఉండేచోటో, నకిలీ సరుకు అమ్మిన చోటో వేయాలి. అందుకే జాతరలో కొన్న ఆ ఒక్క పొట్లానికి అంత విలువ. అమ్మకం మన జిల్లాలో జరిగిందని అదే చెప్తుంది.

కోర్టు ఏమిస్తుంది? 135వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘనకూ, పాసింగ్ ఆఫ్‌కూ ఒకే ఉపశమనాలు. ఇక మీదట అమ్మొద్దన్న నిషేధ ఉత్తర్వు, నష్టపరిహారం లేదా వాడు సంపాదించిన లాభం లెక్కకట్టి ఇప్పించడం, నకిలీ లేబుళ్లను అప్పగించమనో ధ్వంసం చేయమనో చెప్పడం. పరిహారం, లాభం రెండూ కలిపి రావు, ఒకటి ఎంచుకోవాలి. నా అనుభవంలో మనలాంటివాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చేది తాత్కాలిక నిషేధ ఉత్తర్వు. తుది తీర్పు వచ్చేసరికి ఎన్ని జాతరలు గడుస్తాయో తెలియదు. అహ్మదాబాద్‌లో ‘ముక్తజీవన్’ అనే ఫొటో కలర్ ల్యాబ్ కేసులో కింది కోర్టులు తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వలేదు. రెండు దుకాణాలూ దూరదూరంగా ఉన్నాయన్నాయి. సుప్రీంకోర్టు ఆ మాట ఒప్పుకోక ఉత్తర్వు ఇచ్చింది. నష్టం జరిగిపోయేదాకా ఆగక్కర్లేదని దాని అర్థం.

ఇప్పటిదాకా చెప్పింది ఒక సంఘం పేరు సంగతి. ఊరి పేరు, కళ పేరు అయితే లెక్క వేరు. ఆదిలాబాద్ డోక్రా తీసుకోండి. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు, మనం జీఐ అనేది, వచ్చింది. ఉషేగావ్, కేస్లాగూడ లాంటి ఊళ్లలో ఓజా కళాకారులు మట్టి ముద్ద మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. బొమ్మ తీయాలంటే అచ్చు పగలగొట్టాలి. కాబట్టి ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకేలా ఉండవు. వరసగా పది బొమ్మలు ఒకే కొలతతో, పక్కన అతుకు గీతతో కనిపిస్తే అవి ఆ పద్ధతిలో పోసినవి కావని అనుమానించవచ్చు.

జీఐ పేరు ఒక మనిషిది కాదు. దాన్ని అమ్మడం, రాసివ్వడం, కుదువపెట్టడం కుదరదు. రిజిస్టర్ యజమానిగా ఒక సంఘం ఉంటుంది, దాని కింద అధీకృత వాడుకదారులుగా కళాకారులు విడివిడిగా నమోదు కావాలి. ఉల్లంఘన మీద కోర్టుకు వెళ్లే హక్కు ఈ ఇద్దరికే. తాతల నుంచి బొమ్మలు పోస్తున్నవాడి పేరు కూడా ఆ జాబితాలో లేకపోతే జీఐ చట్టం కింద తనకు తానుగా దావా వేయలేడు. జీఐ వచ్చింది కదా అని డప్పు కొట్టుకునే చోట ఈ సంగతి ఎవరూ చెప్పరు. మీ ఊరి కళాకారుల పేర్లు అందులో ఎక్కాయో లేదో చూడటం యువకుల పనే.

జీఐ అసలు రాని పేర్లకూ దారి ఉంది. ఆ చట్టంలోని 20వ సెక్షన్ కూడా పాసింగ్ ఆఫ్‌ను అలాగే ఉంచింది. మన దేశంలో జీఐ చట్టమే లేని రోజుల్లో స్కాట్లాండ్ విస్కీ తయారీదారుల సంఘం ఒక మహారాష్ట్ర సహకార చక్కెర ఫ్యాక్టరీ మీద బొంబాయి హైకోర్టులో ఇదే దారిన వెళ్లి, ‘స్కాచ్’ అన్న మాట వాడకుండా ఉత్తర్వు తెచ్చుకుంది. అదే సంఘం ఇంకో కేసులో దెబ్బతిన్నది. ‘పీటర్ స్కాట్’ అనే బెంగళూరు విస్కీ 1968 నుంచి అమ్ముడవుతోంది. సంఘానికి 1974లోనే తెలిసింది. రిజిస్టరు నుంచి తీసేయమని దరఖాస్తు పెట్టింది 1986లో. 2008లో సుప్రీంకోర్టు వాళ్లకు వ్యతిరేకంగా తీర్పునిచ్చింది. చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది ఆలస్యం. నకిలీ కనిపించిన ఏడు ఊరుకుని, అవతలివాడు పెరిగి పెద్దయ్యాక వెళ్తే కోర్టు ‘ఇన్నాళ్లు ఏం చేశారు’ అంటుంది.

చివరగా రిజిస్ట్రేషన్ సంగతి. ఇంత విన్నాక అది అక్కర్లేదని అనుకోకండి, చేయించండి. వ్యక్తులూ, చిన్న సంస్థగా గుర్తింపు ఉన్నవాళ్లూ ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. లడ్డూలు 30వ తరగతిలోకి వస్తాయి. దరఖాస్తులో ‘ఎప్పటినుంచి వాడుతున్నారు’ అన్న గడి ఉంటుంది. నింపిపెట్టేవాళ్లు తొందరలో ‘ఇకముందు వాడబోతున్నాం’ అని పెట్టేస్తారు. అలా పెడితే ఆరేళ్ల వాడుకను మీ చేత్తో మీరే కొట్టేసినట్టు. మొదటి లేబుల్ బిల్లు మీద ఉన్న తేదీ వేయించండి, దానికి తోడు ప్రమాణపత్రం, పాత బిల్లులు జతచేయండి. సర్టిఫికెట్ చేతికి వచ్చేలోపు ఎవరైనా నకిలీ దించితే పైన చెప్పిన పాసింగ్ ఆఫ్ దారి తెరిచే ఉంటుంది.