ఖాళీలో ఏముందో చుట్టూ ఉన్న మాటలే చెబుతాయి
(విశాఖపట్నం సీతమ్మధారలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పోటీ పరీక్షల పాత ప్రశ్నపత్రాలను ముందు పెట్టుకుని పిల్లలతో కూర్చుంటున్న కొందరు ఉపాధ్యాయుల తరఫున మేము మాట్లాడుతున్నాము. ఇంగ్లీషు విభాగమంతటి గురించి చెప్పబోవడం లేదు. మన పిల్లలు ఎక్కువగా భయపడే రెండు ప్రశ్నలకే పరిమితమవుతాము. ఒకటి ఖాళీలు పూరించే క్లోజ్ టెస్ట్. రెండవది చెల్లాచెదురుగా ఇచ్చిన వాక్యాలను వరుసలో పెట్టడం.

ముందుగా లెక్క చూద్దాం. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ నిర్వహించే సి.జి.ఎల్. మొదటి అంచెలో 100 ప్రశ్నలకు 60 నిమిషాలు, అంటే ఒక్కో ప్రశ్నకు 36 సెకన్లు. అందులో ఇంగ్లీషు 25 ప్రశ్నలు. సరైన జవాబుకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. ఆ అర మార్కు మనకు చిన్నది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో బి.సి.-ఇ కింద ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకున్న 4 శాతం రిజర్వేషన్ రాష్ట్ర నియామకాలకు సంబంధించినది. కేంద్ర ఉద్యోగాలకు అది వర్తించదు. కేంద్ర ఓ.బి.సి. జాబితాలో ఉన్న దూదేకుల వంటి వారిని మినహాయిస్తే, మన పిల్లలలో అత్యధికులకు ఆ జాబితా రిజర్వేషన్ కూడా ఉండదు.

క్లోజ్ టెస్ట్ అనగానే పెద్దపెద్ద పదాల జాబితాలు కంఠస్థం చేయించడం పరిపాటి అయింది. ఇది ఆ పరీక్ష పుట్టుకనే మరచిన పద్ధతి. 1953లో విల్సన్ టేలర్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఒక రచన పాఠకుడికి ఎంత సులభంగా అర్థమవుతుందో కొలవడానికి ఈ పద్ధతిని ప్రవేశపెట్టాడు. నిర్ణీత వ్యవధిలో పదాలను తీసివేసి పాఠకుణ్ణి పూరించమన్నాడు. అంటే మొదటి నుంచీ ఇది కొలిచేది జ్ఞాపకంలోని పదాలను కాదు, చుట్టూ ఉన్న మాటలను చదివే శక్తిని.

పాత పత్రాల తీరులో మేమే కూర్చిన ఒక చిన్న పేరా చూడండి. విషయం మన ఊరి రేవే. సభలో వినిపించినట్లే తెలుగు లిపిలో ఇస్తున్నాము.

ద పోర్ట్ ఆఫ్ విశాఖపట్నం వాజ్ ఓపెన్డ్ (1)____ 1933. ఇట్ ఈజ్ ప్రొటెక్టెడ్ ఫ్రమ్ స్టార్మ్స్ (2)____ ఎ టాల్ హిల్. (3)____ ద ఇన్నర్ హార్బర్ ఈజ్ సేఫ్, ఇట్స్ ఛానల్ ఈజ్ నారో, అండ్ వెరీ లార్జ్ షిప్స్ కెనాట్ (4)____ ఇట్. సో యాన్ ఔటర్ హార్బర్ (5)____ బిల్ట్ లేటర్.

ఎంపికలు ఇవి:
1. ఆన్, ఇన్, ఎట్, సిన్స్
2. విత్, బై, ఆఫ్, టు
3. బికాజ్, ఇఫ్, ఆల్దో, అన్‌లెస్
4. ఎంటర్, ఎంటర్స్, ఎంటర్డ్, ఎంటరింగ్
5. వర్, హాజ్, వాజ్, ఈజ్

మన పిల్లలు సాధారణంగా మొదటి ఖాళీ దగ్గరే ఆగి ఆలోచన మొదలుపెడతారు. మేము చెప్పేది వేరు. ముందు పేరా అంతా ఆగకుండా ఒకసారి చదవాలి. రేవు తెరిచారు, కొండ కాపాడుతోంది, లోపలికి దారి ఇరుకు, అందుకే బయటి హార్బర్ కట్టారు అన్న కథ మనసులో నిలవాలి. ఆ తరువాత వ్యాకరణమే తేల్చగల ఖాళీలను ముందు పూరించాలి.

నాలుగవ ఖాళీకి ముందు కెనాట్ ఉంది. దాని తరువాత క్రియ మూలరూపంలోనే రావాలి, కనుక ఎంటర్. అర్థం తెలియకపోయినా ఈ మార్కు వస్తుంది. మొదటి ఖాళీ తరువాత తేదీ లేదు, సంవత్సరం మాత్రమే ఉంది, కనుక ఇన్. సిన్స్ అని పెట్టేవారు చాలామంది ఉంటారు. కాని సిన్స్ రావాలంటే క్రియ హాజ్ బీన్ రూపంలో ఉండాలి. ఇక్కడున్నది వాజ్ ఓపెన్డ్, ఒకసారి జరిగి ముగిసిన పని. రెండవ ఖాళీకి ముందు ఈజ్ ప్రొటెక్టెడ్ అనే కర్మణి ప్రయోగం ఉంది. కాపాడేది కొండ, పని చేసేదాని ముందు బై రావాలి. ఫ్రమ్ స్టార్మ్స్ అన్న మాటలు మధ్యలో దూరి ఈ సంబంధాన్ని కొంచెం మరుగుపరిచాయి, అంతే.

అయిదవ ఖాళీలో కర్త ఏకవచనం, కనుక వర్ తొలగిపోతుంది. హాజ్ పెడితే హార్బరే దేన్నో కట్టినట్లవుతుంది. బీన్ లేకుండా అది నిలవదు. ఈజ్‌కూ వాజ్‌కూ మధ్య తీర్పు చెప్పేది చివరనున్న లేటర్ అనే చిన్న మాట. 1933 తరువాత ఎప్పుడో జరిగిన పని గనుక భూతకాలం, జవాబు వాజ్. ఖాళీ దాటాక ఉన్న మాటను చదవనివారు ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు.

ఇక మూడవ ఖాళీ. నాలుగు ఎంపికలూ వ్యాకరణానికి సరిపోతాయి. వ్యాకరణం చేతులెత్తేసిన చోట తర్కం పని చేయాలి. ఖాళీ తరువాత సేఫ్ అంది, కామా దాటాక నారో అంది. ఒకటి మేలు, రెండవది లోపం. భద్రంగా ఉన్నందువల్ల ఇరుకు కాలేదు. భద్రంగా ఉంటే ఇరుకు అన్న షరతూ కాదు. భద్రమే అయినప్పటికీ ఇరుకు, కనుక ఆల్దో. ఇక్కడ ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఉర్దూలో అగర్చే అని మొదలుపెడితే తరువాత లేకిన్ అని వస్తుంది. ఇంగ్లీషులో ఆల్దో ఉన్న వాక్యంలో మళ్ళీ బట్ రాదు. రెండవ సగంలో బట్ కనిపిస్తే, మొదటి ఖాళీలో ఆల్దో ఉండదని వెంటనే తెలుసుకోవాలి.

ఈ పద్ధతికి పరిమితి లేకపోలేదు. జోరువానను ఇంగ్లీషులో హెవీ రెయిన్ అంటారు, స్ట్రాంగ్ రెయిన్ అనరు. ఎందుకని అడిగితే వ్యాకరణమూ చెప్పదు, తర్కమూ చెప్పదు. మాటల జతలు చదువు వల్లనే అలవడతాయి. అటువంటి ఖాళీ దగ్గర ఏం చేయాలో లెక్కే చెబుతుంది. నాలుగింటిలో గుడ్డిగా ఒకటి పెడితే, సగటున ప్రశ్నకు దక్కేది మార్కులో ఎనిమిదవ వంతు. రెండు ఎంపికలను కారణంతో తొలగించి మిగిలిన రెండింటిలో ఒకటి పెడితే దక్కేది ముప్పావు మార్కు. కాబట్టి ఒక్క ఎంపికనూ తొలగించలేకపోతే ఆ ప్రశ్నపై సమయం వెచ్చించకుండా ముందుకు సాగాలి.

ఇప్పుడు వాక్యాల అమరికకు వద్దాం. మన రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండల మీద మూడు మతాల ప్రార్థనా స్థలాలున్న సంగతి మీకు తెలుసు. దాని మీదే నాలుగు వాక్యాలు చెబుతాము.

ఎ. ద థర్డ్ హాజ్ ద దర్గా ఆఫ్ ఎ సూఫీ సెయింట్.
బి. త్రీ స్మాల్ హిల్స్ స్టాండ్ నియర్ ద మౌత్ ఆఫ్ ద హార్బర్.
సి. సెయిలర్స్ ఎంటరింగ్ ద పోర్ట్ సీ ఆల్ త్రీ ష్రైన్స్ టుగెదర్.
డి. వన్ ఆఫ్ దెమ్ హాజ్ ఎ టెంపుల్ అండ్ అనదర్ హాజ్ ఎ చర్చ్.

ఎంపికలుగా ఇచ్చిన వరుసలు: బి-డి-ఎ-సి, సి-బి-డి-ఎ, బి-ఎ-డి-సి, డి-ఎ-బి-సి.

మొదటి వాక్యం కోసం వెతికేటప్పుడు, వెనుక మరొక వాక్యం ఉందని చెప్పే మాట లేని వాక్యాన్ని చూడాలి. డి లో దెమ్ ఉంది. వారు ఎవరు, అవి ఏవి అన్న ప్రశ్నకు ముందే జవాబు ఉండాలి. కనుక డి మొదటిది కాదు. నాలుగవ వరుస పోయింది. ఎ లో ద థర్డ్ అన్నారు. ఒకటి, మరొకటి చెప్పాకనే మూడవది వస్తుంది. అందువల్ల డి వెంటనే ఎ రావాలి. ఇది విడదీయరాని జంట. ఎ ని డి కంటే ముందు పెట్టిన మూడవ వరుసా పోయింది.

మిగిలినవి రెండు. సి తో మొదలయ్యే వరుస చాలామందిని లాగుతుంది. అందులో దెమ్ వంటి సర్వనామం కనపడదు. కాని ఆల్ త్రీ ష్రైన్స్ అన్న మాట చూడండి. మూడు ప్రార్థనా స్థలాలూ అంటే, ఆ మూడింటి సంగతి పాఠకుడికి ముందే చెప్పి ఉండాలి. కనుక సి ముగింపు వాక్యం. జవాబు బి-డి-ఎ-సి. వెనక్కి చూపించేవి సర్వనామాలు మాత్రమే కావు. సంఖ్యలు, సచ్, దీజ్ వంటి మాటలు, పేరు మార్చి మళ్ళీ ప్రస్తావించిన నామవాచకాలు కూడా ఆ పని చేస్తాయి.

ఇందులో మనకు అలవాటు లేని ఆధారం ఒకటుంది. తొలిసారి చెప్పే వస్తువుకు ఇంగ్లీషులో తరచుగా ఎ లేదా యాన్ వస్తుంది. రెండవసారి అదే వస్తువుకు ద వస్తుంది. తెలుగులోనూ ఉర్దూలోనూ ఓడ వచ్చింది, జహాజ్ ఆయా అంటే చాలు. ముందు ఏ మాటా అక్కరలేదు. అందుకే మన కన్ను ఆ చిన్న మాటల మీద నిలవదు. ఒక వాక్యంలో ఎ షిప్, మరొక వాక్యంలో ద షిప్ ఉంటే మొదటిది ఏదో చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. అయితే ద ఉన్న ప్రతి చోటా వెనుక వాక్యం ఉందనుకోరాదు. ద సన్, ద హార్బర్ వంటివి అందరికీ తెలిసినవి గనుక మొదటి వాక్యంలోనూ రావచ్చు. పైన బి లో వచ్చింది కదా!

చివరిగా పాత పత్రాల సంగతి. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ అభ్యర్థి రాసిన ప్రశ్నలను, జవాబుల కీని తన వెబ్‌సైట్‌లో కొంతకాలం ఉంచుతుంది. ఆ గడువులోనే వాటిని దాచుకోవాలి. బ్యాంకు పరీక్షలు నిర్వహించే ఐ.బి.పి.ఎస్. ప్రశ్నపత్రాలను విడుదల చేయదు. బజారులో దొరికేవి రాసివచ్చినవారి జ్ఞాపకం మీద ఆధారపడినవి. లెక్కల ప్రశ్నకు అది సరిపోవచ్చు. క్లోజ్ టెస్ట్‌కు సరిపోదు. లేటర్ అన్న ఒక్క మాట జ్ఞాపకంలో జారిపోతే పైన చెప్పిన అయిదవ ఖాళీకి ఆధారమే మాయమవుతుంది. అటువంటి పత్రంలో జవాబుకు కారణం దొరకకపోతే పిల్లవాడిని నిందించకండి. ముందు పత్రాన్ని అనుమానించండి.

తల్లిదండ్రులు ఒక్కటి చూడండి. పిల్లలు ఎన్ని పత్రాలు పూర్తి చేశారని అడగడం కంటే వారి నోటుపుస్తకం తెరిపించండి. ప్రతి ప్రశ్నకూ సరైన జవాబుతోపాటు, మిగిలిన మూడు ఎంపికలు ఎందుకు తప్పో ఒక్కో ముక్కలో రాసి ఉందా? పది పత్రాలు అలా చేశాక, తప్పులన్నీ ఎక్కడ పోగవుతున్నాయో వారికే కనిపిస్తుంది. ఒకరికి ఆల్దో దగ్గర, ఒకరికి ఎ, ద దగ్గర, మరొకరికి ఖాళీ తరువాతి మాట చదవకపోవడంలో. ఆ లెక్క చూడడానికి మీకు ఇంగ్లీషు రానక్కరలేదు. ఈ జవాబు ఎందుకు తప్పు బాబూ అని అడిగి, వాడు ఆధారం చూపించేవరకు వింటే చాలు.