హాజరు లెక్క ముందే చెప్తం

(వికారాబాద్‌లోని ఒక డిగ్రీ కాలేజీకి కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్, అధ్యాపకులు, విద్యార్థులు, తల్లిదండ్రులను ఒక్కచోట కూర్చోబెట్టి చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపక మిత్రులారా, ఆఫీసు సిబ్బంది, విద్యార్థులారా, పని విడిచి వచ్చిన తల్లులారా, అన్నలారా,

నేను తాండూరు బిడ్డను. మా నాయిన నాపరాళ్ల గనిలో పనిజేసిండు. నా డిగ్రీలు చదివి వినిపించను, అవి ఆఫీసులో ఉన్నయి. ఒక్క సంగతి చెప్తే నేనెవరో మీకు తెలుస్తది.

నేను డిగ్రీ చదివేటప్పుడు, పరీక్ష ఫీజు కట్టే రోజున నాకు హాజరు తక్కువైందన్నరు. నాయిన కూలి పోగొట్టుకొని కాలేజీకి వచ్చిండు. "ఎన్ని రోజులు తక్కువైంది సారూ?" అని అడిగిండు. ఎవ్వరూ లెక్క చెప్పలేదు. సాయంత్రం దాకా గది బయట నిలబడి ఇంటికి పోయిండు. తక్కువైతే తక్కువైంది, కానీ ఆ లెక్క నెలనెలా చెప్పి ఉంటే నేను సర్దుకునేవాణ్ణి. అందుకే ఈ కుర్చీలో నా మొదటి పని హాజరు లెక్క.

ఆ లెక్క ఇప్పుడే చేద్దాం. సెమిస్టర్‌కు 90 పనిదినాలు, రోజుకు 5 పీరియడ్లు అనుకుందాం. మొత్తం 450 పీరియడ్లు. 75 శాతం కావాలంటే 338 రావాలె. తాండూరు నుంచో ధారూరు నుంచో రైల్లో వచ్చే ఒక బిడ్డ ఉన్నదనుకోండి. రోజూ వస్తది, కానీ బండి ఆలస్యమై మొదటి పీరియడ్ పోతది. అట్ల 90 పీరియడ్లు పోయినయి, మిగిలినయి 360. అంటే 80 శాతం. ఇక ఆమె చేతిలో ఉన్నది 22 పీరియడ్లు, రోజుకు నాలుగు లెక్కన అయిదున్నర రోజులు. ఇంట్ల కంది కోతకు ఒక్క వారం ఆగిందా, పరీక్షకు దూరమైనట్టే. ఒక్కరోజు కూడా ఎగ్గొట్టని పిల్ల అనుకున్నం, చివరికి పేరు షార్టేజి లిస్టుల ఉంటది.

తల్లిదండ్రులకు ఒక మాట. కోతకు పిల్లలను పిలవొద్దని నేననను, కూలి ఖర్చు నాకు తెలుసు. కానీ పిలిచేముందు ఎన్ని రోజులు మిగిలి ఉన్నయో అడగండి. 65 శాతం దాటి 75 లోపు ఉంటే, జబ్బు చేసినవాళ్లకు ఆధారం చూపి, ఫీజు కట్టి మినహాయింపు అడిగే దారి ఉంటది. పొలం పని జబ్బు కిందికి రాదు. దొంగ మెడికల్ సర్టిఫికెట్ తెస్తే నేను సంతకం పెట్టను. ఈ మాట ఇవాళే చెప్తున్న, ఆనాడు కోపం రావొద్దు.

అధ్యాపక మిత్రులకు ఒక విన్నపం. హాజరు క్లాసులనే వేయండి. నెలాఖరుకు కూర్చొని నింపిన రిజిస్టర్ చూస్తేనే తెలుస్తది: నెలంతా ఒకే సిరా, ఒకే వాలు, ఒక్క కొట్టివేత కూడా ఉండదు. అట్లాంటి రిజిస్టర్‌తో పిల్లకు అన్యాయం జరిగినా, రేపు మనం జవాబు చెప్పలేం. మొదటి పీరియడ్ సంగతి మీతో కూర్చొనే తేలుస్త. రైలు పిల్లలు ఎందరున్నరో ముందు లెక్కబెడదాం. ఒకే సబ్జెక్టు రోజూ మొదటి పీరియడ్‌లో పడకుండా టైంటేబుల్ తిప్పుదాం. దీంతో మొత్తం శాతం పెరగదు, కానీ ఒక్క పాఠమే పూర్తిగా పోకుండా ఉంటది. రాని పీరియడ్‌కు మాత్రం హాజరు వేయమని ఎవరినీ అడగను.

విద్యార్థులారా, ప్రతి నెల మొదటి పనిదినం నాడు మీ శాతం నోటీసు బోర్డు మీద ఉంటది. తప్పు కనిపిస్తే మూడు రోజుల్లో మీ క్లాస్ ఇన్‌చార్జికి రాసివ్వండి. 80కి దిగినవాళ్ల ఇంటికి ఫోన్ చేయిస్త, 75 కిందికి దిగినంక కాదు. ఆ ఫోన్ తెలుగులనే, "మీ బిడ్డకు ఇంకా ఇన్ని పీరియడ్లే మిగిలినయి" అని అంకెతో చెప్తది.

కొత్త బిల్డింగు తెస్తనని, ఖాళీ పోస్టులన్నీ నింపుతనని నేను చెప్పను. అవి నా సంతకంతో అయ్యేవి కావు. ఆ ఫైళ్లు పైకి పంపుత, ఎక్కడ ఆగినయో అడిగినవాళ్లకు చెప్త. రిజిస్టర్, టైంటేబుల్, నోటీసు బోర్డు మాత్రం నా చేతుల ఉన్నయి.

రోజూ నాలుగు గంటల నుంచి అయిదు దాకా నా గది తలుపు తల్లిదండ్రులకు తెరిచి ఉంటది. చీటీ రాయించుకొని రానక్కరలేదు. వచ్చినవాళ్లకు కుర్చీ వేస్త, లెక్క చూపిస్త. వచ్చే నెల మొదటి పనిదినం నాడు బోర్డు మీద లిస్టు లేకపోతే, తప్పు నాదే. వచ్చి అడగండి.

సెలవు.