తూర్పు ఫేసింగ్ అంటే పొద్దుటి ఎండ వస్తుందా?

ఫ్లాటు అమ్మేవాళ్ళు ప్లాన్ కింద నాలుగు మాటలు రాస్తారు. డబుల్ బెడ్‌రూమ్, తూర్పు ఫేసింగ్, ఇన్ని చదరపు అడుగులు, గాలీ వెలుతురూ బాగా వస్తాయి అని. దాన్ని చదివినవాళ్ళకు ఏ గదిలో పొద్దున ఎండ పడుతుందో, ఏ గదిలో మే నెల రాత్రి ఉక్కపోస్తుందో తెలియదు. ఆ ఇంట్లో పడుకోవాల్సిన పసిపిల్లలకూ పెద్దవాళ్ళకూ కావాల్సిన సంగతి అదే. అందుకని ఇవాళ హైదరాబాద్‌లోని ఒక ఫ్లాటును ఊహించుకుని, దాని వివరణ ఎలా రాయాలో చూద్దాం.

మూడో అంతస్తు. గుమ్మం తూర్పున ఉంది, బయట కారిడార్. లోపలికి అడుగుపెడితే ఎదురుగా పడమటి బాల్కనీ దాకా పొడవాటి హాలు. ఎడమచేతి వైపు, అంటే దక్షిణాన, రెండు పడకగదులు. నైరుతి మూలన పెద్దది, ఆగ్నేయాన చిన్నది. కుడివైపు వాయవ్యంలో వంటగది. ఉత్తరం గోడ పక్క ఫ్లాటుతో ఉమ్మడి. వాస్తు చూసుకునేవాళ్ళకు గుమ్మం తూర్పున ఉండటం నచ్చుతుంది కాబట్టి, ఆ మాట తప్పక రాయాలి. అయితే ఫేసింగ్ అనేది గుమ్మానికి సంబంధించిన మాట. సూర్యుడు లోపలికి వచ్చేది కిటికీల్లోంచి. ఈ ఇంటికి తూర్పున కిటికీ లేదు, గుమ్మం బయట కప్పున్న కారిడార్ ఉంది. కాబట్టి తూర్పు ఫేసింగే అయినా తూర్పు వైపు నుంచి ఇందులోకి పొద్దుటి ఎండ రాదు. వివరణలో గుమ్మం ఎటో ఒక వాక్యం, ఒక్కో గది కిటికీ ఎటో ఇంకో వాక్యం విడివిడిగా ఉండాలి.

దిక్కు రాసేముందు ప్లాన్ మీద ఉత్తరం బాణం గుర్తు చూడండి. కాగితం పైవైపు ఎప్పుడూ ఉత్తరమే అనుకోకూడదు. ఫోన్‌లోని దిక్సూచి ఇనుప గ్రిల్ పక్కనా లిఫ్టు దగ్గరా తప్పు చూపిస్తుంది. గది మధ్యన నిలబడి, రెండు మూడు చోట్ల చూసి సరిపోల్చుకోండి.

ఇక ఎండ. హైదరాబాద్‌లో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణానికి బాగా వాలి, ఆకాశంలో సగం ఎత్తు కంటే కాస్త పైన ఉంటాడు. దక్షిణపు కిటికీలోంచి ఎండ గది లోపలి దాకా పడుతుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి వెళ్తాడు. అప్పుడు ఆ కిటికీలోకి మధ్యాహ్నపు ఎండ పడదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండ దాదాపు నిటారుగా దిగుతుంది కాబట్టి, రెండడుగుల సన్‌షేడ్ ఉంటే చాలావరకు ఆగిపోతుంది. చిన్న పడకగదికి ఉన్నది దక్షిణపు కిటికీ ఒక్కటే. ఆ గదికి చలికాలంలో ఎండ, ఎండాకాలంలో నీడ.

పడమర సంగతి వేరు. సాయంత్రం సూర్యుడు కిందికి దిగి అడ్డంగా కొడతాడు, సన్‌షేడ్ ఆపలేదు. నైరుతి పడకగది పడమటి గోడ మధ్యాహ్నం రెండింటి నుంచి పొద్దుగూకేదాకా ఎండలో కాలుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడలో ఆ వేడి లోపలికి చేరడానికి చాలా గంటలు పడుతుంది. అందుకే సాయంత్రం గోడ లోపలి వైపు చెయ్యి పెట్టి చూస్తే అంత వేడి అనిపించదు, సరిగ్గా నిద్రపోయే వేళకు గది వేడెక్కుతుంది. ఇది దాచే విషయం కాదు. “పడమటి గోడకు సాయంత్రపు ఎండ తగులుతుంది, ఎండాకాలంలో ముందు రాత్రి వేడి ఉంటుంది” అని రాసేయండి. కొనేవాళ్ళు ఏప్రిల్‌లో రాత్రిపూట వచ్చి చూస్తే ఎలాగూ తెలిసిపోతుంది.

హాలు పద్దెనిమిది అడుగుల పొడవు. వెలుతురు వచ్చే దారి బాల్కనీ తలుపొక్కటే. పగటి వెలుతురు కిటికీ పై అంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరం దాకా పనికొచ్చేలా చేరుతుంది. ఏడడుగుల తలుపంటే సుమారు పదిహేను అడుగులు. బాల్కనీ కప్పు అందులోనూ కొంత తగ్గిస్తుంది. అంటే గుమ్మం దగ్గర పగలు కూడా లైటు వేసుకోవాలి. అక్కడే చదువుకునే బల్ల వేద్దామనుకున్నవాళ్ళకు ఈ మాట ముందే తెలియాలి.

గాలి దగ్గర చాలామంది కిటికీ కొలత రాసి ఊరుకుంటారు. చిన్న పడకగది పది అడుగులు బై పదకొండు, అంటే నూటపది చదరపు అడుగులు. పొడి వేడి ప్రాంతాల్లో కిటికీ ఖాళీ గది నేలలో పదోవంతైనా ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. ఉక్కపోత ప్రాంతాల్లో ఆరోవంతు. పదోవంతు లెక్కన చూసినా మన గదికి పదకొండు చదరపు అడుగులు కావాలి. నాలుగు బై నాలుగు కిటికీ పదహారు, సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ అది స్లైడింగ్ కిటికీ. ఒక అద్దం జరిపితే రెండోదాని మీదికి వెళ్తుంది, తెరుచుకునేది సగమే, ఎనిమిది చదరపు అడుగులు. దోమల మెష్ వేస్తే వచ్చే గాలి ఇంకా తగ్గుతుంది. అదే తలుపుల్లా తెరుచుకునే రెక్కల కిటికీ అయితే దాదాపు మొత్తం తెరుచుకుంటుంది. కాబట్టి కిటికీ ఏ రకమో రాయండి.

వచ్చిన గాలికి పోయే దారి కూడా ఉండాలి. నైరుతి గదికి రెండు దిక్కుల కిటికీలున్నాయి కాబట్టి తలుపు వేసుకున్నా గాలి ఆడుతుంది. చిన్న గదికి ఒకటే కిటికీ. గది తలుపూ బాల్కనీ తలుపూ రెండూ తీస్తేనే అందులో గాలి కదులుతుంది. బాత్రూమ్ కిటికీ డక్ట్‌లోకి తెరుచుకుంటే “డక్ట్‌లోకి” అనే రాయండి. అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేకపోతే గోడలు తడారక బూజు పడుతుంది.

కొలతల్లో ఒక పద్ధతి పెట్టుకోండి. ముందు తూర్పు పడమరలు, తర్వాత ఉత్తర దక్షిణాలు, సున్నం గోడ నుంచి సున్నం గోడకు. పది బై పదకొండు గదిలో తూర్పు గోడకు రెండడుగుల లోతు బీరువా కడితే మిగిలేది ఎనిమిది. ఆరున్నర అడుగుల మంచం తల పడమరకు పెడితే బీరువా ముందు అడుగున్నరే ఉంటుంది, తలుపులు తెరుచుకోవు. అదే మంచం తల దక్షిణానికి తిప్పి పడమటి గోడకు చేరిస్తే, అయిదడుగుల వెడల్పు పోను మూడడుగుల దారి మిగులుతుంది. “అయిదు బై ఆరున్నర మంచం, గోడ బీరువా పడతాయి” అని ఒక వాక్యం రాస్తే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. విస్తీర్ణం చెప్పేటప్పుడు 2016 నాటి రెరా చట్టంలో చెప్పిన కార్పెట్ ఏరియా ముందు రాయండి. అందులో లోపలి అడ్డుగోడలు కలుస్తాయి, బయటి గోడలూ బాల్కనీ కలవవు. మెట్లూ లిఫ్టూ వాటా కలిపిన సూపర్ బిల్టప్ ఏరియా తర్వాత రాయొచ్చు.

ఇవన్నీ కలిపితే చిన్న గది వివరణ ఇలా వస్తుంది. “ఆగ్నేయ పడకగది, పది బై పదకొండు. దక్షిణాన నాలుగు బై నాలుగు స్లైడింగ్ కిటికీ, సగం తెరుచుకుంటుంది. చలికాలంలో మధ్యాహ్నం ఎండ వస్తుంది. గాలి ఆడాలంటే గది తలుపూ బాల్కనీ తలుపూ తీసి ఉంచాలి.” ఒక్కో గదికి ఇలాంటి నాలుగు వాక్యాలు చాలు. చివర దక్షిణాన, పడమరన ఇప్పుడు ఏముందో, ఖాళీ స్థలమా, భవనమా, ఎంత దూరంలో ఉందో తేదీతో సహా రాయండి. ఆ ఖాళీలో రేపు అయిదంతస్తులు లేస్తే మీరు రాసిన ఎండా గాలీ రెండూ మారిపోతాయి.