బుడగ ఎక్కడిది?
(సైన్సు మాస్టారి స్మారకోపన్యాసం, కల్వకుర్తి)

ముందు వరుసలో కూర్చున్న పిల్లలారా, ఈ మాటలు ముఖ్యంగా మీకోసం.

మా సారు చెరువులోంచి హైడ్రిల్లా మొక్కలు తెప్పించి, గాజు బీకరులోని నీళ్లలో ఉంచి, వాటిమీద గరాటు బోర్లించేవారు. గరాటు కాడమీద నీళ్లు నింపిన పరీక్షనాళికను తలకిందులుగా నిలిపి, నీళ్లలో చిటికెడు తినే సోడా కలిపేవారు. ఎండలో పెడితే సన్నటి బుడగలు పైకి లేచేవి. ఒక ముసురు రోజున గదిలో పెడితే ఒక్క బుడగైనా రాలేదు. మేం నిరాశపడ్డాం. సారు మాత్రం, "ప్రీస్ట్‌లీకీ ఇదే ఎదురైంది" అన్నారు.

ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1771లో, కొవ్వొత్తి వెలిగి ఆరిపోయిన గాలిలో పుదీనా కొమ్మ ఉంచాడు. పది రోజులకు ఆ గాలిలో కొవ్వొత్తి మళ్లీ వెలిగింది. తర్వాత అదే ప్రయోగం కొన్నిసార్లు కుదిరింది, కొన్నిసార్లు కుదరలేదు. కారణం ఆయనకు అంతుపట్టలేదు. 1779లో ఇంగెన్‌హౌజ్ అనే డచ్చి వైద్యుడు ఆ చిక్కు విప్పాడు. మొక్క గాలిని బాగుచేసేది వెలుతురులోనే, అదీ పచ్చని భాగాలతోనే. చీకట్లో అదే మొక్క మనలాగే ఊపిరి తీసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. నిజానికి ఊపిరి పగలూ ఆగదు. ఎండలో తయారయ్యే ఆక్సిజన్ ఊపిరికి ఖర్చయ్యేదానికంటే చాలా ఎక్కువ కాబట్టి మనకు అదే కనిపిస్తుంది.

మరి పచ్చనివే ఎందుకు? మన పల్లి చేను ఆకులో పత్రహరితం ఉంది. తెల్లని ఎండలోని ఎరుపు, నీలం కాంతుల్ని అది బాగా పీల్చుకుంటుంది. ఆకుపచ్చను తక్కువగా తీసుకుంటుంది. మిగిలిన ఆ పచ్చ వెలుగే మన కంటికి చేరుతుంది. 1882లో ఎంగెల్‌మన్ పోగులాంటి నాచుమీద ఇంద్రధనుస్సు రంగులు పడేట్టు చేసి, ఆక్సిజన్ కోసం పరుగెత్తే బ్యాక్టీరియాను ఆ నీటిలో వదిలాడు. అవి ఎరుపు, నీలం పడినచోటే గుమిగూడాయి. నాకు ఇంతకంటే అందమైన ప్రయోగం మరొకటి తెలియదు.

ఇక బుడగలోని ఆక్సిజన్ ఎక్కడిది? కార్బన్ డయాక్సైడ్ విరిగి వస్తుందని చాలాకాలం అనుకున్నారు. 1941లో రూబెన్, కామెన్, వారి సహచరులు బరువైన ఆక్సిజన్ ఉన్న నీటిలో నాచును పెంచారు. బయటికొచ్చిన వాయువులో ఆ బరువు కనిపించింది. అంటే ఆక్సిజన్ నీటిది. సోడా అందించిన కార్బన్ చక్కెరగా మారి మొక్కలోనే ఉండిపోతుంది.

నాళిక నిండాక సారు నిప్పుకణం ఉన్న ఊదుబత్తిని లోపలికి దించేవారు. బుడగలో నైట్రోజన్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి ప్రతిసారీ మంట లేవదు. కణం మాత్రం కాసేపు ఎర్రగా మెరుస్తుంది. ఆ మెరుపు బీకరులోని నీటిలోంచి వచ్చింది.