మొలలే అనుకుంటే

మలద్వారం దగ్గర రక్తం పడితే మన తిరుపతి, చిత్తూరు పల్లెల్లో మొదట వినిపించే మాట మొలలని. చాలాసార్లు అది నిజమే. కానీ మందు వాడినా రక్తం ఆగకపోయినా, గట్టి గడ్డ చేతికి తగిలినా, గజ్జల్లో బిళ్ళ కట్టినా క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. డాక్టరు వేలితో పరీక్షించి, అనుమానమున్న చోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. దయచేసి దీనికి సిగ్గుపడకండి.

మలద్వార క్యాన్సర్ కేసుల్లో పదింట తొమ్మిదింటి వెనక హ్యూమన్ పాపిలోమా వైరస్ ఉంటుంది. అది ఎక్కువగా లైంగిక స్పర్శతో సోకుతుంది. చాలామందికి సోకి, తనంతట పోతుంది కూడా. కాబట్టి రోగి నడతను శంకించడం అన్యాయం.

ఒకప్పుడు ఈ క్యాన్సర్ వస్తే మలద్వారాన్నే తీసేసి, పొట్టకు సంచి తగిలించేవారు. అమెరికా సర్జన్ నార్మన్ నైగ్రో ముగ్గురికి ఆపరేషన్‌కు ముందు రేడియేషన్, కీమో కలిపి ఇచ్చి, 1974లో ఆ ఫలితం ప్రకటించారు. ఇద్దరికి కోసి చూస్తే గడ్డ ఆనవాలే లేదు. మూడో మనిషి ఆపరేషన్ వద్దన్నా గడ్డ మళ్ళీ రాలేదు.

ఇప్పుడు ఆ రేడియేషన్, కీమో కలయికే మొదటి వైద్యం. రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు సాగుతుంది. ఆ చోట చర్మం పుండై మండుతుంది, విరేచనాలవుతాయి. వైద్యం ముగిశాక కూడా గడ్డ మెల్లగా కరుగుతూనే ఉంటుంది. పెరగనంతవరకు ఆరు నెలలు గమనించి, అప్పటికీ మిగిలితేనే ఆపరేషన్ చేస్తారు.